వద్దన్నారు సరే, ఎవరు?

కోనసీమలో ముమ్మిడివరం దగ్గర గౌతమి ఒడ్డున ఒక ఊరు. అక్కడి కొబ్బరి రైతు ఒకాయన, డెబ్బై దాటిన మనిషి, తన జ్ఞాపకాలు పుస్తకంగా వేయించుకోవాలనుకున్నారు. ఆయన చెప్తుంటే మనవరాలు ఫోన్లో రికార్డు చేసుకుని తీరిగ్గా టైపు చేసింది. ఆ ఫైలు ఎడిటింగ్‌కి నా దగ్గరికొచ్చింది. మొత్తం పదిహేడు అధ్యాయాలు. నేనిక్కడ చెప్పేది ఒక్క అధ్యాయం గురించే, 1996 నవంబరు 6 గాలివాన రాత్రి గురించి. పదకొండు పేజీలు. మిగతా పదహారు అధ్యాయాలకు పట్టినంత సమయం ఈ ఒక్కదానికే పట్టిందంటే అతిశయోక్తి కాదు, పైగా అందులో నేనొక తప్పు కూడా చేశాను, అదీ చెప్తాను.

మొదటిసారి చదివినప్పుడు కథ బ్రహ్మాండంగా ఉంది. రెండోసారి చదివినప్పుడు ఎవరు ఏం చేశారో నాకు తెలియలేదని అర్థమైంది. మొదటిసారి తెలిసినట్టే అనిపించింది, ఎందుకంటే గాలివాన కథ మనకి ముందే తెలుసు, ఖాళీల్లో మనమే మనుషుల్ని పెట్టేసుకుంటాం. ఈ సమస్య పేజీ మీద కనపడదు. చెవికి కూడా చాలాసార్లు దొరకదు.

డ్రాఫ్టులోని ఒక పేరా ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. ఈ వ్యాసం అంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

"ఆ రోజు పొద్దున్నించీ ముసురు. నాన్నగారు తోటలోంచి వచ్చి, అమ్మ దీపం వెలిగించి, సావిట్లో కూర్చున్నారు. తమ్ముడు కూడా వస్తాడు. గాలి పెరిగింది. నేను పాకలోకి వెళ్ళి ఆవుల్ని విప్పేస్తానన్నాడు. వద్దన్నారు. తను మాత్రం వినలేదు. మనం ఉండగా పశువుల్ని కట్టేసి చంపుకుంటామా అంది. అప్పుడు చెట్టు పడుతుంది. పాక మీద పడింది. అప్పటికే విప్పేసి ఉన్నాడు కాబట్టి ఆవులు బతికాయి. మేము ఎప్పుడూ అలాగే చేస్తాం, వరదొచ్చినా గాలివాన వచ్చినా ముందు పలుపులు విప్పుతాం. ఏటిగట్టు ఎక్కించాం."

నోటితో చెప్పినప్పుడు ఇందులో ఒక్క తప్పూ లేదు. ఆయన అరుగు మీద కూర్చుని చెప్తుంటే చెయ్యి నాన్నగారి గది వైపు చూపించి ఉంటారు, "తను" అన్నప్పుడు వంటింటి వైపు తల తిప్పి ఉంటారు. ఆ చెయ్యి, ఆ తల తిప్పడం టైపులోకి రావు కదా.

నేను ముందు ఏమీ దిద్దలేదు. ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో సమాపక క్రియల కింద మాత్రమే గీత గీసుకుంటూ పోయాను, అంటే వాక్యాన్ని ముగించే క్రియలు, కూర్చున్నారు, వస్తాడు, అన్నాడు, అంది ఇలాంటివి. సర్వనామాల కింద కాదు. ఎందుకంటే తెలుగులో సర్వనామం సగం సార్లు వాక్యంలో ఉండనే ఉండదు, క్రియ చివర్లో దాక్కుని ఉంటుంది. "వచ్చాను" అంటే నేను, "వచ్చావు" అంటే నువ్వు, విడిగా చెప్పక్కర్లేదు. కాబట్టి "నేను", "అతను" అని వెతుక్కుంటూ పోతే మనిషి మారిపోయిన చోట్లలో పైకి కనపడేవే దొరుకుతాయి. క్రియ చివర చూస్తే అన్నీ దొరుకుతాయి.

గీత గీసిన ప్రతి క్రియకీ ఎడమ మార్జిన్లో ఎవరు అని, కుడి మార్జిన్లో ఎప్పుడు అని రాశాను. "ఎప్పుడు"కి నాలుగే మాటలు పెట్టుకున్నాను: రోజు, ముందు, అలవాటు, ఇప్పుడు. "రోజు" అంటే గాలివాన నాడు జరిగింది. "ముందు" అంటే ఆ రోజుకంటే ముందే జరిగిపోయింది. "అలవాటు" అంటే మాటిమాటికీ జరిగేది. "ఇప్పుడు" అంటే పెద్దాయన అరుగు మీద కూర్చుని చెప్తున్న కాలం. భూతం, వర్తమానం, భవిష్యత్తు అని రాసుకుంటే పని జరగదు, నేను ఒకప్పుడు అలాగే చేసి దెబ్బతిన్నాను, ఎందుకంటే క్రియ రూపం వేరు, అది చెప్పే కాలం వేరు. "వస్తాడు" అన్న ఒక్క మాటే రేపు వస్తాడనీ కావచ్చు, రోజూ వస్తాడనీ కావచ్చు, కథ చెప్తూ కళ్ళకు కట్టించడానికి వాడింది కూడా కావచ్చు. రూపం ఒక్కటే, కాలాలు మూడు.

ఎడమవైపు పేరు రాయలేని చోట, కుడివైపు మాట ముందు వాక్యం నుంచి ఉన్నట్టుండి మారిన చోట ప్రశ్నార్థకం పెట్టాను. ఈ ఒక్క పేరాలోనే తొమ్మిది పడ్డాయి. మొత్తం అధ్యాయానికి ముప్ఫై దాటాయి.

ఇక ఒక్కొక్కటీ.

"నాన్నగారు తోటలోంచి వచ్చి, అమ్మ దీపం వెలిగించి, సావిట్లో కూర్చున్నారు." కూర్చున్నది ఎవరు? వచ్చి, వెలిగించి, చేసి లాంటి రూపాల్ని వ్యాకరణంలో క్త్వార్థకం అంటారు. వీటికి మామూలుగా ఒకటే షరతు, చివరి క్రియ చేసినవాళ్ళే ఇవీ చేసి ఉండాలి. నాన్నగారు వచ్చి కూర్చున్నారు, బాగానే ఉంది. మధ్యలో అమ్మ వచ్చి దీపం వెలిగించేసరికి గొలుసు తెగింది. ఇప్పుడు కూర్చున్నది అమ్మా, నాన్నగారా, ఇద్దరూనా? "కూర్చున్నారు" అన్నది ఈ మూడింటికీ సరిపోతుంది, అమ్మని కూడా "ఆవిడ కూర్చున్నారు" అనే ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు! నేను చూసినంతలో జ్ఞాపకాల పుస్తకాల్లో మనిషి జారిపోయేది అన్నిటికంటే ఎక్కువగా ఈ గొలుసుల్లోనే. మందు కూడా భాషలోనే ఉంది. మనిషి మారుతున్నాడంటే "వచ్చి" తీసేసి "వచ్చేసరికి", "రాగానే", "వస్తే", "వస్తుంటే" పెట్టుకోవాలి, వీటికి ఆ షరతు లేదు. "నాన్నగారు తోటలోంచి వచ్చేసరికి అమ్మ దీపం వెలిగించింది. ఆయన సావిట్లో కూర్చున్నారు." అంతే.

"నేను పాకలోకి వెళ్ళి ఆవుల్ని విప్పేస్తానన్నాడు." ఈ "నేను" తమ్ముడిది. అయితే పుస్తకం మొత్తం పెద్దాయన నోటితో సాగుతోంది, అంతకు ముందు నలభై పేజీల్లో ప్రతి "నేను" ఆయనే. చదివేవాడు "నేను పాకలోకి వెళ్ళి" దాకా పెద్దాయన్నే పాకలోకి పంపిస్తాడు, చివర్లో "అన్నాడు" తగిలి వెనక్కి వస్తాడు. ఒక్కసారైతే ఫర్వాలేదు, పేజీకి నాలుగుసార్లు వెనక్కి రావాల్సొస్తే పుస్తకం మూసేస్తాడు. "తాను పాకలోకి వెళ్ళి విప్పేస్తానన్నాడు" అని మార్చొచ్చు, తప్పు కాదు, కానీ అది పేపరు భాషలా ఉంటుంది, ఈయన నోట్లో ఇమడదు. అసలిక్కడ సర్వనామమే అక్కర్లేదు. "విప్పేస్తానన్నాడు" అంటే ఆ అన్నవాడే విప్పుతాడని "ఆను" చెప్పేస్తోంది. అందుకని "పాకలోకి వెళ్ళి ఆవుల్ని విప్పేస్తానన్నాడు తమ్ముడు" అని పెట్టాను. ఒక మాట తీసేసి ఒక పేరు చేర్చడం, అంతే.

ఇదే జబ్బు ఆరో పేజీలో ఇంకా ముదిరింది. "నేను గేటు వేస్తానని తమ్ముడు అనుకున్నాడు." ఇక్కడ సర్వనామం తీసేసినా లాభం లేదు, తీసేస్తే గేటు వేసేది తమ్ముడైపోతాడు. ఉంచితే రెండర్థాలు, గేటు వేసేది అన్నా, తమ్ముడా? అసలు జరిగిందేమిటంటే అన్నయ్య వేస్తాడులే అని తమ్ముడు ఊరుకున్నాడు, తమ్ముడు వేశాడులే అని ఈయన ఊరుకున్నారు, గేటు గాలికి ఊడిపోయింది. ఎడిటింగ్‌లో "అన్నయ్య వేస్తాడులే అనుకున్నాడు తమ్ముడు" అని తమ్ముడి నోటి మాటగానే పెట్టాం. ఎవరి తలలో ఉన్న మాటని వాళ్ళ వరసలోనే చెప్పిస్తే సర్వనామాల గొడవే ఉండదు. తెలుగులో వరసలు ఇన్ని ఉండటం ఇలాంటప్పుడు పనికొస్తుంది.

"తను మాత్రం వినలేదు." ఇది నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. మామూలుగా "తను", "తన" అన్నవి ఆ వాక్యంలోనో దగ్గర్లోనో అప్పటికే ఉన్న మనిషిని పట్టుకుంటాయి. దగ్గర్లో ఉన్నది తమ్ముడు. కానీ ఆ తర్వాతి వాక్యంలోనే "అంది" అని ఉంది కాబట్టి ఆడమనిషి. అయితే అమ్మా? మనవరాలిని అడిగితే నవ్వి, "అమ్మ కాదండీ, నాయనమ్మ. తాతయ్య నాయనమ్మ పేరు ఎప్పుడూ పలకరు, తను అనే అంటారు" అంది. అప్పుడు మొత్తం ఫైలులో "తను" అని వెతికాను. చాలా చోట్ల నిజంగానే భార్య. కానీ కొన్ని తమ్ముడు, ఒకటి పాలేరు, ఒకచోట ఏకంగా ఆవు. భార్య పేరు ఎత్తకపోవడం ఆ తరం మర్యాద, దాన్ని నేను చెరపదలచుకోలేదు. అందుకని ప్రతి అధ్యాయంలో ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు "మా ఆవిడ" అని పెట్టి, ఆ తర్వాత ఆ సన్నివేశంలో ఇంకో ఆడమనిషి లేనంతవరకూ "తను" వదిలేశాను. మిగతావాళ్ళకి వాడిన "తను"లన్నీ తీసేసి పేరో వరసో పెట్టాను. అంటే పుస్తకంలో "తను" అంటే ఆవిడొక్కర్తే అయింది. పెద్దాయనకి ఇది నచ్చింది, ఎందుకు నచ్చిందో చెప్పలేదు.

ఇంకో చోట ఆయన భార్యని "అది" అన్నారు, "మావగారి ముందు అది నోరు విప్పడం అదే మొదటిసారి" అని. మనవరాలు అది చూసి ఒప్పుకోలేదు, అచ్చులో నాయనమ్మని "అది" అంటారా అని. నాకున్న అభ్యంతరం వేరు. ఆ పై వాక్యంలో "అది ఒకటే అరుస్తోంది" అని ఆవు ఉంది. ఆవూ అదే, ఆవిడా అదే, క్రియ చివర కూడా రెండింటికీ ఒకటే. మర్యాద లెక్కలో కాకపోయినా అర్థం లెక్కలో మార్చాల్సిందే. "మా ఆవిడ నోరు విప్పడం" అని పెట్టేసరికి ఇద్దరి గొడవా తీరింది.

ఇప్పుడు నా తప్పు.

"వద్దన్నారు." రెండక్షరాలు ఎక్కువో తక్కువో ఉన్న ఈ చిన్న వాక్యం పక్కన ఎడమ మార్జిన్లో నేను ప్రశ్నార్థకం పెట్టలేదు. సావిట్లో నాన్నగారు, అమ్మ, తమ్ముడు, భార్య అందరూ ఉన్నారు, గాలి హోరుమంటోంది, తమ్ముడు బయటికి వెళ్తానన్నాడు, అందరూ వద్దంటారు కదా. నాకు అంత సహజంగా తోచింది. "అందరూ వద్దన్నారు" అని రాసేశాను. స్పష్టత తెచ్చానని అనుకున్నాను కూడా.

దిద్దిన పేజీలు పెద్దాయనకి చదివి వినిపించడానికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, ఆ వాక్యం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అందరూ ఎక్కడన్నారండీ? నాన్నగారొక్కరే అన్నారు."

"మీరు వద్దన్నారు అని చెప్పారు కదండీ" అన్నాను.

"నాన్నగారిని వద్దన్నాడు అంటానా మరి?"

అదీ సంగతి. "అన్నారు" చివరనున్న "ఆరు" నలుగురికీ సరిపోతుంది, గౌరవించాల్సిన ఒక్కరికీ సరిపోతుంది. నేను గౌరవాన్ని బహువచనం చేశాను. దాంతో కథే మారిపోయింది. ఆ రాత్రి నాన్నగారొక్కరే వద్దన్నారు, కోడలు మొదటిసారి ఆయన మాటకి ఎదురు చెప్పింది, తమ్ముడు వెళ్ళి విప్పాడు, ఆవులు బతికాయి, ఆ తర్వాత నాన్నగారు కోడలిని అడక్కుండా ఏ విషయంలోనూ నిర్ణయం తీసుకోలేదు. అధ్యాయం ఆఖరి పేజీ మొత్తం ఈ మార్పు గురించే. "అందరూ వద్దన్నారు" అని ఉంటే కోడలు ఎదురు చెప్పింది ఇంటిల్లిపాదికీ అవుతుంది, ఆఖరి పేజీకి అర్థం ఉండదు. అసలు ఆఖరి పేజీ చదివాక కూడా నాకు అనుమానం రాకపోవడమే నన్ను ఇబ్బంది పెట్టింది. డ్రాఫ్టులో సందిగ్ధం ఉంటే చదివేవాడు తడుముకుంటాడు, ఎడిటరు తప్పు మనిషిని పెడితే అది కూడా ఉండదు, తప్పు సాఫీగా వెళ్ళిపోతుంది.

అప్పటినుంచీ "ఆరు"తో ముగిసే ప్రతి క్రియకీ, దాని ముందు కర్త కనపడకపోతే, నాకు ఎంత తెలిసినట్టనిపించినా సరే ప్రశ్నార్థకం పెడుతున్నాను. ఈ అధ్యాయంలోనే అలాంటివి ఇంకో ఆరు బయటపడ్డాయి. రెండు చోట్ల ఒక్కరు, నాలుగు చోట్ల ఎక్కువమంది.

కాలాల సంగతికి వస్తే, అక్కడ కూడా ఇలాంటి గుంట ఒకటి తవ్వుకుని, పడబోయి ఆగాను.

పేరాలో "తమ్ముడు కూడా వస్తాడు", "చెట్టు పడుతుంది" ఉన్నాయి. చుట్టూ "పెరిగింది", "పడింది". చెట్టు ఒకసారి పడుతుంది, మళ్ళీ పడింది, రెండు చెట్లా అని అడగాలనిపిస్తుంది. రికార్డింగ్ విన్నాను, ఒకటే చెట్టు, ఆయన కొంచెం ఆగి అదే మాట మళ్ళీ చెప్పారు. ఇవి మార్చడం తేలిక, వచ్చాడు, పడింది. ఆ ఊపులో వర్డ్‌లో "తాడు", "తుంది", "తారు", "తాం" అని వెతికి, దొరికినవన్నీ భూతకాలంలోకి మార్చుకుంటూ పోయాను. మూడో పేజీలో "దీపావళికి పిల్లలు వస్తారు, సరుకులు తెచ్చి పెట్టాం" అని ఉంది. "వచ్చారు" అని కొట్టబోయి తేదీ గుర్తొచ్చింది. 1996లో దీపావళి నవంబరు 10న. గాలివాన 6న. పిల్లలు ఇంకా రాలేదు! ఇక్కడ "వస్తారు" అన్నది ఆ రోజు నుంచి చూస్తే రాబోయే కాలం. "వచ్చారు" అంటే గాలివాన రాత్రి ఇంట్లో ఇద్దరు పిల్లల్ని నేనే అదనంగా పెట్టినవాణ్ణయ్యేవాణ్ణి. దాన్ని "దీపావళికి పిల్లలు వస్తారని సరుకులు తెచ్చి పెట్టాం" అని ఒక్క "అని"తో కట్టాను. వస్తారన్నది ఆ రోజు వాళ్ళు అనుకున్న మాట అయింది, కాలం కుదిరింది.

అప్పటినుంచి వెతికి ఒక్క దెబ్బతో మార్చడం మానేశాను. వెతకడం వరకే, మార్చేది చేత్తో. వెతికేవాళ్ళకి ఒక చిన్న సంగతి, ఒకే ఫైలులో "వాళ్ళు" అనీ "వాళ్లు" అనీ రెండు రకాలుగా టైపు చేసి ఉంటారు, ఒకటి వెతికితే రెండోది దొరకదు. రెండూ వెతుక్కోవాలి.

"మేము ఎప్పుడూ అలాగే చేస్తాం." ఇది అలవాటు, సరే, కానీ ఇప్పటికీ ఉన్న అలవాటా, అప్పటి అలవాటా? "చేస్తాం" అంటే ఇప్పటికీ అని. ఆ ఇంట్లో ఇప్పుడు పశువులు లేవు, పాక ఉన్నచోట స్కూటరు పెడుతున్నారు, నేను వెళ్ళినప్పుడు చూశాను. కాబట్టి "విప్పేవాళ్ళం". ఇలాంటివి దిద్దేటప్పుడు వ్యాకరణం కంటే ఊరు తెలియడం ఎక్కువ పనికొస్తుంది. ఇంకో పేజీలో "రేవు దాటి యానాం వెళ్తాం" అని ఉంది. ఎదుర్లంక దగ్గర ఇప్పుడు వంతెన ఉంది, 1996లో లేదు. అదీ "వెళ్ళేవాళ్ళం" కావాల్సిందే, లేకపోతే ఇవాళ చదివే కుర్రాడు ఏ రేవు అని అడుగుతాడు. కానీ "నవంబరులో సార్వా చేలు కోతకొస్తాయి" అన్న వాక్యాన్ని ముట్టుకోలేదు, అది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. పక్కన అన్నీ భూతకాలంలో ఉన్నాయి కదా అని దాన్ని "వచ్చేవి" చేస్తే ఇప్పుడు వరి పండటం లేదేమో అనిపిస్తుంది.

ఆ పేరాలో చివరి వాక్యం, "ఏటిగట్టు ఎక్కించాం", నిజానికి నాకు మొదట్లో తప్పుగా అనిపించలేదు. భూతకాలం, మేము, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కుడి మార్జిన్లో "రోజు" అని రాసేశాను. రాత్రి పడుకునేముందు అనుమానం వచ్చింది. గాలివానలో పశువుల్ని ఏటిగట్టు ఎవడెక్కిస్తాడు? గట్టు మీద చాటు ఉండదు, గాలి మొత్తం అక్కడే కొడుతుంది. గట్టు ఎక్కించేది వరదకి. అడిగితే పెద్దాయన వెంటనే, "అది ఎనభైయారు వరదండీ, ఆగస్టులో" అన్నారు. అలవాటు గురించి చెప్తూ చెప్తూ పదేళ్ళ వెనక్కి వెళ్ళిపోయి, అక్కడ ఒక్క వాక్యం చెప్పి, వెళ్ళినట్టూ వచ్చినట్టూ చెప్పకుండా మళ్ళీ 1996కి వచ్చేశారు. క్రియ రూపం ఎక్కడా మారలేదు కాబట్టి నా పద్ధతిలో అది పట్టుబడలేదు. మార్జిన్ పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇదే, రూపం మారకుండా కాలం మారితే దానికి తెలియదు. అలాంటివి సన్నివేశంలో ఇమడని పనిని బట్టే తెలుస్తాయి.

మొత్తమ్మీద ఆ పేరా ఇలా తేలింది:

"ఆ రోజు పొద్దున్నించీ ముసురు. నాన్నగారు తోటలోంచి వచ్చేసరికి అమ్మ దీపం వెలిగించింది. ఆయన సావిట్లో కూర్చున్నారు. కాసేపటికి తమ్ముడు కూడా వచ్చాడు. గాలి పెరిగింది. పాకలోకి వెళ్ళి ఆవుల్ని విప్పేస్తానన్నాడు తమ్ముడు. నాన్నగారు వద్దన్నారు. మా ఆవిడ మాత్రం వినలేదు. 'మనం ఉండగా పశువుల్ని కట్టేసి చంపుకుంటామా' అంది. తమ్ముడు వెళ్ళి విప్పేసి వచ్చాడు. ఆ తర్వాత చెట్టు పడింది, పాక మీదే పడింది. ఆవులు బతికాయి. వరదొచ్చినా గాలివాన వచ్చినా మా ఇంట్లో ముందు పలుపులు విప్పేవాళ్ళం. ఎనభైయారు వరదకైతే విప్పి ఏటిగట్టు కూడా ఎక్కించాం."

"అప్పటికే విప్పేసి ఉన్నాడు" పోయింది చూడండి. తెలుగులో జరిగినదానికంటే ముందే జరిగినదాన్ని చెప్పడానికి విడిగా క్రియారూపం అంటూ లేదు, "అప్పటికే" లాంటి మాటతో నెట్టుకొస్తాం. వెనక్కి వెళ్ళి చెప్పడం కంటే జరిగిన వరసలో ముందు విప్పడం, తర్వాత చెట్టు పడటం పెట్టేస్తే ఆ మాట అవసరమే రాదు. కోడలి మాటలో "మనం" మాత్రం అలాగే ఉంది. పేరాలో మిగతా చోట్ల "మేము" అర్థం వచ్చే క్రియలున్నాయి కదా, దీన్ని కూడా "మేము" చేద్దామా అని మనవరాలు అడిగింది. చెయ్యకూడదు. ఆవిడ మావగారిని కూడా కలుపుకుని "మనం" అంది. "మేము" అంటే ఆయన్ని పక్కన పెట్టి మాట్లాడినట్టు, అప్పుడది ఎదురు చెప్పడం కాదు, తగవు.

మార్చకుండా వదిలేసిన ఇంకో భాగం ఉంది, ఎనిమిదో పేజీలో సగం. గాలి ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపు ఆకు కూడా కదలకుండా ఉండి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడిన ఘట్టం. తుపాను కన్ను మీదుగా వెళ్తే అలాగే జరుగుతుంది. అక్కడ పెద్దాయన పూర్తిగా "ఆగుతుంది, కదలదు, తమ్ముడు తలుపు తీస్తాడు, నేను వద్దంటాను" అని చెప్పుకుపోయారు. మొదటి విడతలో నేను వీటన్నిటినీ భూతకాలం చేశాను. చదివి వినిపిస్తే ఆయనేమీ అనలేదు కానీ, పక్కన కూర్చున్న మనవరాలు "రికార్డింగ్‌లో విన్నప్పుడు భయమేసింది, ఇప్పుడు వెయ్యలేదు" అంది. నిజమే. అది జారుడు కాదు, ఆయన కావాలనే లోపలికి వెళ్ళారు. తిరిగి పాత రూపాలే పెట్టాను, కాకపోతే ముందు "గాలి ఎనిమిదింటి దాకా కొట్టింది" అని ఒక భూతకాలం వాక్యంతో పేరా ముగించి, ఈ భాగాన్ని కొత్త పేరాలో మొదలుపెట్టి, మళ్ళీ గాలి తిరిగి అందుకున్నాక "తెల్లారేసరికి తోటలో నిలబడ్డ చెట్లు లెక్కపెట్టేన్ని మిగిలాయి" అని భూతకాలంతోనే బయటికి తెచ్చాను. మధ్యలో ఒక్క "ఇంది" కూడా రానివ్వలేదు. జారుడుకీ కావాలని చేసిన మార్పుకీ తేడా నాకు ఇక్కడే దొరికింది. కావాలని మార్చినప్పుడు మనిషి కొంతసేపు అందులోనే ఉంటాడు. "వస్తాడు" అని పక్క వాక్యంలోనే "పెరిగింది" అంటే అది జారుడే.

మనవరాలి "నేను" గురించి చెప్పడం మర్చిపోయాను. టైపు చేస్తూ ఆ అమ్మాయి మూడు చోట్ల తన మాటలు కలిపేసింది, "ఇక్కడ తాతయ్య కాసేపు ఆగారు, నేను మంచినీళ్ళు ఇచ్చాను" అని. అప్పటిదాకా "నేను"గా ఉన్న మనిషి ఒక్కసారిగా "తాతయ్య" అయిపోతాడు. రెండు తీసేశాం, ఒకటి ఆ అమ్మాయి రాసిన ముందుమాటలోకి వెళ్ళింది. ఇందులో పెద్ద ఆలోచనేమీ లేదు.

పెద్దాయన్ని అడగడానికి నేను పట్టుకెళ్ళిన ప్రశ్నలు మొదట పంతొమ్మిది. మిగతావి రికార్డింగ్ వింటే తీరాయి. అన్నీ "ఎవరు" లేదా "ఎప్పుడు" అన్న ఒక్క మాటతో అడిగాను, "ఈ వాక్యంలో కర్త ఎవరండీ" లాంటివి అడిగితే ఆయన పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతారని. పద్దెనిమిదింటికి అక్కడికక్కడే జవాబొచ్చింది.

పంతొమ్మిదోది పదో పేజీలో ఉంది. "తెల్లారగట్ల వచ్చి తలుపు కొట్టారు. బతికున్నారా అని అడిగారు. వెళ్ళిపోయారు." మళ్ళీ అదే "ఆరు". ఒక్కరా, ఎక్కువమందా, ఎవరు? నాకు పేరు కావాలి, లేదా కనీసం పక్కింటివాళ్ళో ఊళ్ళో కుర్రాళ్ళో తేలాలి. పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. తలుపు తీసేసరికి చీకట్లో మనిషి లేడట, గొంతు కూడా గాలికి సరిగా వినపడలేదట. మగా ఆడా కూడా గుర్తులేదు. ఊళ్ళో తర్వాత అడిగినా మేమే వచ్చామని ఎవరూ అనలేదు.

మూడు క్రియలకీ కలిపి ముందు ఒక్క మాట చేర్చాను. "తెల్లారగట్ల ఎవరో వచ్చి తలుపు కొట్టారు."